చెడిన స్ప్రింట్ తర్వాత 90 నిమిషాలు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్న ఇళ్లలో ‘స్ప్రింట్’ అనే మాట ఇప్పుడు కొత్తేమీ కాదు. ‘స్ప్రింట్ ఎండింగ్ ఉందమ్మా, పెళ్లికి రాలేను’ అన్న జవాబు చాలామంది తల్లులు విన్నదే. రెండు వారాలకు సరిపడా పని ముందే ఒప్పుకొని, ఆ గడువులో చేసి చూపించడం స్ప్రింట్. చివర్లో చేసిన పనిని క్లయింటుకు చూపిస్తే అది డెమో. ఆ తర్వాత జట్టు తలుపు వేసుకుని ‘ఈ రెండు వారాలు మనం ఎలా పనిచేశాం’ అని మాట్లాడుకునేది రెట్రోస్పెక్టివ్, వాడుకలో రెట్రో. స్క్రమ్ పద్ధతిని రూపొందించిన కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్‌ల గైడ్ ప్రకారం నెల రోజుల స్ప్రింటుకు రెట్రో మూడు గంటలు మించకూడదు. ఆ లెక్కన రెండు వారాలకు గంటన్నర చాలు.

స్ప్రింట్ బాగా నడిచినప్పుడు ఈ గంటన్నర ఎవరు నడిపినా నడిచిపోతుంది. నాలుగు మంచి మాటలు, రెండు సూచనలు, పిజ్జా. స్ప్రింట్ చెడి, మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని స్థితిలో ఉన్నప్పుడే అసలు చిక్కు. అప్పుడు నడిపేవారు చేసే మొదటి పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. అందర్నీ కూర్చోబెట్టి ‘చెప్పండి, ఎక్కడ తప్పు జరిగింది?’ అని మొదలుపెడతారు. ఆ ప్రశ్న వేసిన మరుక్షణం రెట్రో కాస్తా రచ్చబండ పంచాయితీ అయిపోతుంది. వాది, ప్రతివాది, సాక్షులు తయారవుతారు. పెద్దగొంతు ఉన్నవారి తీర్పే ఖాయమవుతుంది.

ఒక జట్టును తీసుకుని చూద్దాం. ఇది ఏ ఒక్క కంపెనీ కథా కాదు. హైదరాబాద్ గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో జరిగే సంగతులను కలిపి అల్లినది. ఐదుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు, ఏ పని ముందు కావాలో నిర్ణయించే ప్రొడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్, మొత్తం తొమ్మిది మంది. డబ్బు చెల్లించే యాప్ ఒకటి తయారుచేస్తున్నారు. స్ప్రింట్ మొదట్లో 11 పనులు ఒప్పుకున్నారు, చివరికి పూర్తయినవి నాలుగు. మధ్యలో ఒక శనివారం అందరూ ఆఫీసుకొచ్చి పనిచేశారు. శుక్రవారం సాయంత్రం డెమోలో కూపన్ స్క్రీన్ క్లయింటు కళ్లముందే ఆగిపోయింది. మేనేజర్ అందరి ముందు ‘దీన్ని టెస్ట్ చేసిందెవరు?’ అని అడిగారు. జూనియర్ టెస్టర్ అమ్మాయి తల దించుకుంది. ఆ క్షణం నుంచి గ్రూపులో మాటల్లేవు. ఎవరిని పలకరించినా ‘ఏం లేదండి, అంతా ఓకే’ అన్నదే జవాబు.

ఆ ‘ఓకే’ని నమ్మకూడదు. హార్వర్డ్‌లో పనిచేసే ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు ఒక వింత కనిపించింది. కలిసికట్టుగా పనిచేసే వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ ఎక్కువ తప్పులు జరుగుతున్నాయని కాదు, జరిగినవాటిని భయపడకుండా బయటికి చెబుతున్నారని తర్వాత ఆమెకు అర్థమైంది. మాట్లాడని జట్టులో సమస్యలు తక్కువని అనుకోవడానికి లేదు.

రెట్రో పని మీటింగ్ గదిలో మొదలవదు. మన జట్టులో మొదటి నిర్ణయం వేళకు సంబంధించింది. డెమో అయిన వెంటనే, శుక్రవారం సాయంత్రం ఆరింటికి పెట్టాల్సిన రెట్రోను సోమవారం పదకొండుకు మార్చారు. కొత్త స్ప్రింట్ ప్లానింగును మధ్యాహ్నానికి జరిపారు. అవమానం పచ్చిగా ఉన్నప్పుడు మాట్లాడితే మంటే తప్ప వివరం రాదు. అలాగని వారం ఆగితే జ్ఞాపకాలు చెదిరిపోతాయి.

రెండో నిర్ణయం, ఎవరు నడపాలన్నది. మేనేజర్ నడపకూడదు. అప్రైజల్ ఫారం ఎవరి చేతిలో ఉందో వారి ముందు మనసు విప్పమనడం అమాయకత్వం. ఈ జట్టు స్క్రమ్ మాస్టర్ కూడా తగడు. రెండు వారాలూ రోజుకు రెండుసార్లు ‘స్టేటస్ ఏంటి’ అని అడిగి అందర్నీ విసిగించిన మనిషి అతనే. ఆ గంటన్నర అతనూ మాట్లాడాల్సినవాడే. అందుకని పక్క జట్టు స్క్రమ్ మాస్టరును అరువు తెచ్చుకున్నారు. చెడిన స్ప్రింట్ తర్వాత ఇలా ఇచ్చిపుచ్చుకోవడం చాలా మంచి పద్ధతి, ఖర్చు కూడా లేదు.

ఆమె సోమవారం పొద్దున్నే ఒక్కొక్కరితో పదేసి నిమిషాలు విడిగా మాట్లాడింది. అందరినీ ఒకటే అడిగింది: ‘ఏ విషయం రాకపోతే ఈ రెట్రో వృథా అనిపిస్తుంది మీకు?’ జవాబులు రాసుకుంది కానీ ఎవరి మాటనూ ఇంకొకరి దగ్గరికి మోయలేదు. ఎక్కడ పుండు ఉందో తనకు తెలియడం కోసమే ఆ పని. మేనేజరుతోనూ మాట్లాడి, చివరి పావుగంటకు మాత్రం రమ్మంది. ‘నేను మూలన కూర్చుని వింటాను, మాట్లాడను’ అని చాలామంది మేనేజర్లు అంటారు. ఆ మూలన కూర్చున్న మనిషి గదిలో అందరికన్నా పెద్దగా వినిపిస్తాడు. ఒప్పుకోకూడదు.

గదిలోకి వచ్చాక మొదటి పది నిమిషాలు చీటీలతో గడిచాయి. ఒకటి నుంచి ఐదు వరకు ఒక అంకె వేయాలి. ‘ఈ గదిలో ఏదైనా చెప్పగలను’ అనుకుంటే ఐదు, ‘నవ్వి ఊరుకుంటాను’ అనుకుంటే ఒకటి. పేరు రాయకూడదు. అందరికీ ఒకేరకం కాగితం, ఒకేరకం పెన్ను. దస్తూరీ గుర్తుపడతారని భయపడేవారు ఉంటారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. చీటీలు కలిపి, అంకెలు బోర్డు మీద రాసి, ఆమె వాటిని అక్కడే చింపేసింది. రెండు నాలుగులు, మూడు మూడ్లు, మూడు రెండ్లు, ఒక ఒకటి వచ్చాయి.

ఇలాంటి అంకెలు వస్తే ‘సరే, మొదలుపెడదాం’ అని ముందుకు పోకూడదు. ‘ఒకటి వేసిందెవరు’ అని చుట్టూ చూడటం అంతకన్నా ఘోరం. ఆమె మళ్లీ చీటీలు పంచి, ‘ఒకటి వేసిన మనిషి మీరు కాకపోయినా సరే, అలా వేయడానికి కారణం ఏమై ఉండొచ్చో రాయండి’ అంది. ‘ఇక్కడి మాట మేనేజరుకు పోతుందేమో’ అన్నది ఎక్కువ చీటీల్లో వచ్చింది. దాంతో అక్కడికక్కడే నియమం పెట్టుకున్నారు. గది బయటికి పోయేది చివర్లో తీసుకునే నిర్ణయాలు మాత్రమే. ఎవరు ఏమన్నారన్నది పోదు, మినిట్స్ ఉండవు, స్క్రీన్‌షాట్లు ఉండవు.

2001లో రెట్రోల మీద పుస్తకం రాసిన నార్మన్ కెర్త్ ఒక మూల నియమం పెట్టాడు. ఆ రోజుకు తమకు తెలిసినదానితో, చేతిలో ఉన్న సరంజామాతో ప్రతి ఒక్కరూ చేయగలిగింది చేశారన్న నమ్మకంతో మాట మొదలుపెట్టాలన్నది దాని సారం. మన జట్టులో సీనియర్ డెవలపర్ వెంటనే అడ్డు తగిలాడు. ‘అందరూ చేయగలిగింది చేశారని నేననుకోవడం లేదండీ.’ అతనన్నది నిజమే కావచ్చు. ఆమె వాదించలేదు. ‘అనుకోనక్కర్లేదు. ఈ గంటన్నర అలా అనుకుని చూద్దాం, ఏం కనిపిస్తుందో’ అంది. ఎవరి నిర్లక్ష్యం అని మొదలుపెడితే ఒక పేరు దొరకగానే వెతుకులాట ఆగిపోతుంది. ఆ పేరు వెనకున్న కారణాలు అలాగే ఉండిపోయి తర్వాతి స్ప్రింటులో మళ్లీ వస్తాయి.

అక్కడి నుంచి అసలు పని. గోడ మీద పది నిలువు గడులు గీసింది, స్ప్రింటులోని పది పనిరోజులకు. ఐదో, ఆరో గడుల మధ్య శనివారానికి ఒక సన్నటి గడి. ‘ఎనిమిది నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. మీకు గుర్తున్న సంఘటనలను ఒక్కో కాగితం మీద ఒక్కోటి రాయండి. అభిప్రాయం వద్దు, జరిగింది రాయండి. ఏ భాషలో అయినా సరే’ అంది. ‘ప్లానింగ్ సరిగ్గా లేదు’ అన్నది అభిప్రాయం. ‘నాలుగో రోజు పొద్దున రీఫండ్ రెండుసార్లు పడుతోందని కాల్ వచ్చింది’ అన్నది సంఘటన. ఏ భాషైనా సరే అనడం మర్యాద కోసం అన్న మాట కాదు. ఇంగ్లీషులో వెంటనే మాట తట్టనివారు, హిందీలోనో తెలుగులోనో ఆలోచించేవారు నోరుమూసుకోవడానికి సగం కారణం భాషే. మౌనంగా రాయడం వల్ల ఇంకో లాభం ఉంది. మన ఆఫీసుల్లో సీనియర్ ఒక మాట అన్నాక జూనియర్ దానికి ఎదురు మాట అనడు, ‘అవును అన్నా’ అంటాడు. అందరూ ముందే రాసి అంటించేస్తే ఆ వరుస తప్పుతుంది.

ఎనిమిది నిమిషాలయ్యాక గోడ నిండింది. నాలుగో రోజు గడిలో రీఫండ్ సమస్య గురించి ఐదు కాగితాలున్నాయి. ఇద్దరు డెవలపర్లు రెండున్నర రోజులు దాంట్లోనే ఉండిపోయారు. ఆరో రోజు గడిలో కూపన్ పని వచ్చి చేరింది. ఏడో రోజు గడిలో ఒకే ఒక్క కాగితం, చిన్న అక్షరాలతో: ‘మధ్యాహ్నం 3:10. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ పనిచేయడం లేదని గ్రూపులో పెట్టాను.’ తొమ్మిదో రోజు గడిలో ‘పొద్దున టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ సరిచేశారు’ అని ఇంకొకరు రాసినది.

తర్వాత ఆమె ఆ గడుల కింద అందరి చేత ఒక్కో గీత గీయించింది. ఉత్సాహం ఉన్న రోజు పైకి, నీరసించిన రోజు కిందికి. డెమో రోజున జట్టు కుంగిందని అందరూ అనుకుంటూ వచ్చారు. గీతలు వేరే మాట చెప్పాయి. తొమ్మిదిలో ఆరు గీతలు ఆరో రోజునే, సోమవారమే, జారిపోయాయి. శనివారం పనిచేసి ఎలాగోలా గట్టెక్కుతున్నాం అనుకున్న మర్నాటి పొద్దున్నే కొత్త పని వచ్చి నెత్తిన పడింది. ప్రొడక్ట్ ఓనర్ ఆ గీతలను చాలాసేపు చూశాడు. ‘శుక్రవారం రాత్రి కాల్‌లో క్లయింటు అడిగారు. పూట పనే కదా అన్నారు. కాదనలేకపోయాను’ అన్నాడు. ఆ మాట అతను రెండు వారాల్లో ఎవరికీ చెప్పలేదు. గోడ మీద గీతలు లేకుండా ‘మధ్యలో పని ఎందుకు తెచ్చావ్’ అని నిలదీసి ఉంటే ఇప్పుడూ చెప్పేవాడు కాదు.

ఇక ఏడో రోజు కాగితం. సీనియర్ డెవలపర్ అన్నాడు, ‘టెస్టింగ్ లేటయింది, అందుకే పనులు పేరుకుపోయాయి.’ నడిపించే ఆవిడ ‘ఎందుకు లేటయింది’ అని అడగలేదు. ‘ఎన్విరాన్‌మెంట్ పనిచేయడం లేదని మీకు ఏ రోజు తెలిసింది?’ అని అడిగింది.

‘గురువారం పొద్దున.’

‘మంగళవారం మధ్యాహ్నం గ్రూపులో పెట్టానని ఇక్కడ ఉంది.’

టెస్టర్ అమ్మాయి మెల్లగా అంది, ‘నేను పెట్టానండి. ఎవరూ చూడలేదు.’

గదిలో నిశ్శబ్దం. ఇలాంటప్పుడు నడిపేవారికి ఏదో ఒకటి అని దాన్ని పూడ్చాలనిపిస్తుంది. మనసులో పది లెక్కపెట్టుకుని ఆగాలి. ఆమె ఆగింది. మాట్లాడింది ఇంకో డెవలపర్: ‘నేను ఆ గ్రూపును మ్యూట్ చేశాను. నాలుగో రోజు నుంచి రీఫండ్ అలర్టులన్నీ దాంట్లోనే పడుతున్నాయి.’ చేతులెత్తమంటే ఐదుగురు డెవలపర్లలో నలుగురు మ్యూట్ చేసినవారే.

చిక్కుముడి అక్కడ విడిపోయింది. ‘టెస్టర్ చెప్పలేదు’ అన్న ఆరోపణ పోయింది. ‘ఎవరూ పట్టించుకోలేదు’ అన్న ఆమె బాధకూ అర్థం మారింది. ఎన్విరాన్‌మెంట్‌లో గడువు తీరిన సర్టిఫికెట్ ఒకటి, అలర్టులూ కబుర్లూ కలిసిపోయిన గ్రూపు ఒకటి, రెండూ కలిసి దాదాపు రెండు రోజులు మింగేశాయి. డెమోకు ముందు కూపన్ స్క్రీనును పరీక్షించడానికి మిగిలింది ఒక్క రోజే. మేనేజర్ అడిగిన ‘టెస్ట్ చేసిందెవరు’ అన్న ప్రశ్నకు నిజమైన జవాబు ఏడో రోజు గడిలో ఉంది.

‘ఎందుకు’ అని ఐదుసార్లు అడిగే టొయోటా పద్ధతిని రెట్రోల్లో చాలామంది వాడతారు. యంత్రం ఆగిన చోట అది బాగా పనికొస్తుంది. మనసు గాయపడిన జట్టులో నేనైతే వాడను. మనిషిని ఎదురుగా పెట్టుకుని మూడోసారి ‘ఎందుకు’ అంటే అది ప్రశ్నలా వినిపించదు, నిందలా వినిపిస్తుంది. ‘ఎప్పుడు’, ‘ఎక్కడ’, ‘ఎలా తెలిసింది’ అన్నవి అదే సమాచారాన్ని గుచ్చకుండా రాబడతాయి.

గంట గడిచేసరికి గోడ మీద పదిహేను సమస్యలైనా ఉంటాయి. వాటన్నిటికీ పరిష్కారం రాసుకునే జట్టు ఒక్కటీ చేయదు. ఒక్కొక్కరికి మూడు చుక్కలు ఇచ్చి, ముఖ్యమనుకున్న వాటి పక్కన పెట్టమంది. పైన నిలిచినవి రెండు, మధ్యలో వచ్చిపడే పని, కనిపించకుండా పోయే సమాచారం. రెండో దానికి మొదట వచ్చిన సూచన ‘కమ్యూనికేషన్ మెరుగుపరచుకోవాలి’. దేశంలో సగం రెట్రోలు ఈ వాక్యం రాసుకుని లేచిపోతాయి. మంగళవారం పొద్దున ఎవరు ఏం చేయాలో ఆ వాక్యం చెప్పదు. ఆమె అదే అడిగింది, ‘రేపు పొద్దున దీనికోసం ఎవరు ఏం చేస్తారు?’ చివరికి నిర్ణయాలు ఇలా తేలాయి. అలర్టులకు వేరే గ్రూపు పెట్టడం ఒక డెవలపర్ పని, ఆ సాయంత్రానికల్లా. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ రెండు గంటలకు మించి ఆగితే టెస్టర్ గ్రూపులో పెట్టి ఊరుకోకుండా ఫోన్ చేయాలి. స్ప్రింట్ మధ్యలో కొత్త పని వస్తే అంతే బరువున్న పని ఒకటి బయటికి పోవాలి. ఏది పోవాలో ప్రొడక్ట్ ఓనర్ క్లయింటుతోనే తేల్చుకోవాలి, ‘జట్టును అడిగి రేపు చెప్తాను’ అనాలి.

మిగిలింది డెమోలో మేనేజర్ అడిగిన ప్రశ్న. అది జట్టు చేతిలో ఉన్న విషయం కాదు, అలాగని గోడ మీది నుంచి తీసేయగలిగిందీ కాదు. లేని మనిషి ఉద్దేశాల గురించి మాట మొదలైతే గంటైనా తెగదు. అందుకే ఆమె చర్చ పెట్టలేదు. ‘ఆయనకు ఏ ఒక్క విషయం తెలియాలని మీకుంది? ఎవరు చెప్తారు?’ అంది. టెస్టర్ అమ్మాయి ఒప్పుకున్నాకే, స్క్రమ్ మాస్టర్ విడిగా చెప్పడానికి ముందుకొచ్చాడు. డెమోలో ఏదైనా ఆగిపోతే ప్రశ్న మనిషికి కాకుండా జట్టుకు వేయండి అన్నదే ఆ మాట. చివరి పావుగంటకు మేనేజర్ వచ్చినప్పుడు ఆయనకు చూపించింది నిర్ణయాలను మాత్రమే. గోడ మీది కాగితాలు అప్పటికే తీసేశారు.

రెట్రో పనిచేసిందా లేదా అన్నది అది ముగిసినప్పుడు జనం నవ్వుతూ బయటికి వచ్చారా అన్నదాన్ని బట్టి తేలదు. తేలికపడ్డ మనసు రెండు రోజులుంటుంది. తర్వాతి రెట్రోలో మళ్లీ చీటీలు వేసి చూడాలి. ఒకట్లు, రెండ్లు తగ్గాయా? రోజూ పొద్దున నిలబడి చేసే స్టాండప్‌లో చెడ్డ వార్త మొదటి రోజే వస్తోందా, మూడో రోజు వస్తోందా? ఈ రెండో దాన్నే నేను ఎక్కువ నమ్ముతాను.

దీనికి పరిధి ఉంది. పదిమంది పనిని ఆరుగురితో చేయిస్తున్నా, హైకులు ఆగిపోయినా, అర్ధరాత్రి కాల్స్ రోజూ ఉన్నా రెట్రో వాటిని బాగుచేయలేదు. ఒకే సమస్య వరుసగా మూడు రెట్రోల్లో వస్తే నాలుగోసారి గోడ మీద అంటించడం అనవసరం. తేదీలు, పోయిన రోజుల లెక్కతో సహా దాన్ని పైవారి దగ్గరికి తీసుకుపోవాలి. తీసుకుపోకుండా మళ్లీ మళ్లీ మాట్లాడించడం వల్ల మనుషులు రెట్రో మీదే నమ్మకం పోగొట్టుకుంటారు.

2017 నాటి స్క్రమ్ గైడ్ రెట్రోలో తేలిన మార్పుల్లో కనీసం ఒకదాన్ని తర్వాతి స్ప్రింట్ పనుల జాబితాలో పెట్టాలని చెప్పింది. 2020లో ఆ నిబంధనను సడలించి, పెట్టొచ్చు అని మాత్రం అన్నారు. చెడిన స్ప్రింట్ విషయంలో మీరు పాత నిబంధననే పాటించండి. మధ్యాహ్నం ప్లానింగులో ఆ మార్పుకు ఒక కార్డు రాయండి, దాని మీద ఒక పేరు వేయండి, దానికి పట్టే గంటలను మిగతా పనిలోంచి తీసేయండి.